పదహారు టీములతో వాలరంట్ టోర్నీ: సీడింగ్ నుంచి టై తేల్చే రూల్ దాకా

మీ కాలేజీ క్లబ్ తరఫున ఆన్‌లైన్‌లో వాలరంట్ టోర్నీ పెడుతున్నారనుకుందాం. పదహారు టీములు పేర్లిచ్చాయి. మీ చేతిలో ఉన్నది ఒక శని, ఆదివారం. ఇలాంటి చోట కొత్తగా నిర్వహించేవాళ్లు ముందు పోస్టర్ చేస్తారు, తర్వాత నాకౌట్‌లో ఎవరు ఎవరితో ఆడాలో చూపే బ్రాకెట్ గీస్తారు, టీములు సమానంగా నిలిస్తే ఏం చేయాలన్నది ఆ పరిస్థితి వచ్చినప్పుడు చూసుకుందామని వదిలేస్తారు. నేను చెప్పేది దీనికి తలకిందులుగా ఉంటుంది. టై తేల్చే రూల్ ముందు రాయండి, మిగతావన్నీ దాని చుట్టూ అమర్చుకోండి. ఎందుకో నాలుగో మెట్టులో అంకెలతో సహా చూపిస్తాను.

బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ లాంటి ఆటలకు ఈ పద్ధతి కుదరదు. వాటిలో అన్ని టీములూ ఒకే లాబీలో దిగుతాయి, స్థానానికీ కిల్స్‌కీ పాయింట్లు కూడుతూ పోతారు, బ్రాకెట్ అవసరమే రాదు. ఇది ఒక టీమ్ ఇంకో టీమ్‌తో తలపడే ఆటల కోసం: వాలరంట్, సీఎస్, డోటా, లీగ్ ఆఫ్ లెజెండ్స్ వంటివి.

మొదటి మెట్టు: టైమ్ లెక్క చూసి ఫార్మాట్ ఎంచుకోండి

వాలరంట్‌లో ఒక మ్యాప్ పదమూడు రౌండ్లు గెలిచినవాళ్లది. మామూలుగా నలభై, యాభై నిమిషాల్లో అయిపోతుంది. మ్యాప్ బ్యాన్లు, లాబీలో చేరడం, ఒకరి నెట్ పోయి మళ్లీ రావడం, ఓవర్‌టైమ్ అన్నీ కలుపుకుని ఒక్కో మ్యాప్‌కు డెబ్బై ఐదు నిమిషాలు కేటాయించండి. మూడింటిలో రెండు మ్యాప్‌లు గెలవాల్సిన సిరీస్‌కు, అంటే బెస్ట్ ఆఫ్ త్రీకి, రెండున్నర గంటలు పెట్టుకోండి. మూడో మ్యాప్ దాకా వెళ్తే ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు.

ఆన్‌లైన్‌లో ఉన్న సుఖం ఏమిటంటే ఎనిమిది మ్యాచ్‌లు ఒకేసారి నడపొచ్చు. ఒక్కో లాబీకి ఒక అడ్మిన్ ఉంటే చాలు. ఇరవై సిస్టమ్‌లున్న గేమింగ్ కేఫ్‌లో అయితే ఒకేసారి రెండు మ్యాచ్‌లే పడతాయి, అప్పుడు లెక్క పూర్తిగా మారిపోతుంది.

పదహారు టీములను నాలుగేసి చొప్పున నాలుగు గ్రూపులు చేస్తే ముందు రెండు దారులున్నాయి. మొదటిది రౌండ్ రాబిన్, అంటే గ్రూపులో ప్రతి టీమ్ మిగతా మూడింటితోనూ ఆడుతుంది. గ్రూపుకు ఆరు మ్యాచ్‌లు, మొత్తం ఇరవై నాలుగు. ఎనిమిదేసి ఒకేసారి నడిపితే మూడు విడతల్లో, నాలుగు గంటల లోపు ముగుస్తాయి. ప్రతి టీమ్‌కూ మూడు మ్యాచ్‌లు ఖాయం.

రెండోది జీఎస్ఎల్ పద్ధతి. కొరియాలో 2010లో మొదలైన గ్లోబల్ స్టార్‌క్రాఫ్ట్ లీగ్ వల్ల దీనికి ఆ పేరు వచ్చింది. గ్రూపులో ముందు రెండు మ్యాచ్‌లు జరుగుతాయి. గెలిచిన రెండు టీములు తమలో తాము ఆడితే, అందులో గెలిచినది గ్రూపు టాపర్‌గా ముందుకు వెళ్తుంది. ఓడిన రెండు టీములూ అలాగే ఆడతాయి, అందులో ఓడినది ఇంటికి. చివరగా గెలుపువైపు మ్యాచ్‌లో ఓడిన టీమ్, ఓటమివైపు మ్యాచ్‌లో గెలిచిన టీమ్ రెండో స్థానం కోసం తలపడతాయి. ఐదు మ్యాచ్‌లతో సరి. ఇందులో టై అనేదే పుట్టదు. వాలరంట్ ఛాంపియన్స్‌లో కూడా గ్రూపులు ఈ పద్ధతిలో నడిపారు.

మరి జీఎస్ఎల్ ఇంత శుభ్రంగా ఉంటే రౌండ్ రాబిన్ ఎందుకు? బలహీనమైన టీమ్ అందులో రెండు మ్యాచ్‌లతో వెళ్లిపోతుంది. ఎంట్రీ ఫీజు కట్టి, ఐదుగురూ శనివారం ఖాళీ చేసుకుని కూర్చున్న ఫస్టియర్ పిల్లలకు రెండు మ్యాచ్‌లంటే చిన్నబోతారు. పైగా అదే గ్రూపులో మొదట ఆడిన ఇద్దరే చివర్లో మళ్లీ ఎదురుపడొచ్చు. కాలేజీ స్థాయిలో నేనైతే రౌండ్ రాబిన్‌కే ఓటు వేస్తాను, దాంతో వచ్చే టై సమస్యను ముందే పరిష్కరించుకుంటాను. ఆ ఓపిక లేదనుకుంటే జీఎస్ఎల్ పెట్టుకోండి, అందులో తప్పేం లేదు.

చదరంగం నుంచి వచ్చిన స్విస్ పద్ధతి కూడా ఉంది. 2023 నుంచి లీగ్ ఆఫ్ లెజెండ్స్ వరల్డ్స్‌లో వాడుతున్నది అదే. మూడు గెలిస్తే ముందుకు, మూడు ఓడితే బయటికి. పదహారు టీములకు ఐదు విడతల్లో ముప్పై మూడు మ్యాచ్‌లు అవుతాయి. ప్రతి విడత తర్వాత ఎవరు ఎవరితో ఆడాలో కొత్తగా వేయాలి. రెండు రోజుల టోర్నీకి అది బరువు.

రెండో మెట్టు: సీడింగ్

సీడింగ్ అంటే టీములకు బలాన్ని బట్టి వరుస నంబర్లు ఇవ్వడం. గట్టి టీములన్నీ ఒకే గ్రూపులో పడి ఒకదాన్నొకటి శనివారమే తుడిచిపెట్టుకోకుండా చూడడమే దీని పని.

పదహారు టీములకూ కచ్చితమైన వరుస ఇవ్వాలని కష్టపడకండి. పదో టీమ్, పదకొండో టీమ్ మధ్య తేడా ఎవరూ చెప్పలేరు, చెప్పాల్సిన పనీ లేదు. మొదటి నాలుగు టీములు సరిగ్గా తేలితే సగం పని అయిపోయినట్టే. ముందు గత టోర్నీల ఫలితాలు చూడండి. ఐదుగురిలో కనీసం ముగ్గురు అదే టీమ్‌తో ఆడి ఉంటేనే ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోండి, పేరొక్కటే మిగిలి మనుషులు మారిపోయిన టీములు చాలా ఉంటాయి. అది లేని టీములకు ర్యాంకులు చూడండి. ఐరన్‌కు ఒకటి, బ్రాంజ్‌కు రెండు, అలా పోతూ ఇమ్మోర్టల్‌కు ఎనిమిది, రేడియంట్‌కు తొమ్మిది ఇచ్చి ఐదుగురి సగటు తీయండి. ఇప్పటి ర్యాంకు కాకుండా ఈ మధ్య అందుకున్న అత్యధిక ర్యాంకు అడగండి. ఆడడం మానేసి ర్యాంకు పడిపోయినవాళ్లు, కావాలని తక్కువ ర్యాంకు అకౌంట్ చూపించేవాళ్లు రెండు రకాలూ దొరుకుతారు. మెయిన్ అకౌంట్‌తోనే రిజిస్టర్ అవ్వాలని, వేరే అకౌంట్‌తో ఆడితే ఆ మ్యాచ్ పోయినట్టేనని ఫారంలోనే రాయండి.

వరుస వచ్చాక గ్రూపుల్లోకి పంచాలి. పాము నడకలా పంచడం ఒక పద్ధతి: 1, 2, 3, 4 సీడ్లు వరుసగా నాలుగు గ్రూపుల్లోకి, తర్వాత 5 నాలుగో గ్రూపులోకి, 6 మూడో గ్రూపులోకి, అలా వెనక్కి తిరుగుతూ. అప్పుడు మొదటి గ్రూపులో 1, 8, 9, 16 పడతాయి, నాలుగో గ్రూపులో 4, 5, 12, 13. ప్రతి గ్రూపులోనూ సీడ్ నంబర్లు కూడితే 34 వస్తుంది. మీ సీడింగ్ మీద మీకు గట్టి నమ్మకం ఉంటే ఇది బాగుంటుంది.

నమ్మకం లేకపోతే, కాలేజీ టోర్నీల్లో ఎక్కువగా ఉండేది అదే, కుండల డ్రా వేయండి. 1 నుంచి 4 దాకా ఒక కుండ, 5 నుంచి 8 ఒకటి, అలా నాలుగు. ప్రతి కుండ నుంచి ఒక్కో గ్రూపుకు ఒక్కో చీటీ. డ్రా అందరూ చూసేలా డిస్కార్డ్‌లో స్క్రీన్ షేర్ పెట్టి తీయండి. ఒకే కాలేజీ నుంచి రెండు టీములు ఉంటే వాటిని ఒకే గ్రూపులో పెట్టొద్దు. చీటీ అలా పడితే దాన్ని తర్వాతి గ్రూపుకు జరపండి. ఆఖరి చీటీ దగ్గరికి వచ్చాక జరపడానికి చోటే ఉండకపోవచ్చు. అందుకే ఏ కుండలో ఈ ఇబ్బంది ఉన్న టీములున్నాయో ముందే చూసి, ఆ కుండలో వాటి చీటీలనే ముందు తీయండి.

మూడో మెట్టు: గ్రూపులో ఏ మ్యాచ్ ఎప్పుడు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. గ్రూపులో బలాన్ని బట్టి టీములను 1, 2, 3, 4 అనుకుందాం. ఒకటికీ రెండుకీ మధ్య పోటీ బాగుంటుంది కదా అని దాన్ని ఆఖరికి దాచిపెడతారు. అంతా అనుకున్నట్టే జరిగితే ఆ మ్యాచ్ వచ్చేసరికి రెండు టీములూ చెరి రెండు గెలిచి క్వాలిఫై అయిపోయి ఉంటాయి, 3, 4 టీములు చెరి రెండు ఓడి వెళ్లిపోయి ఉంటాయి. ఆఖరి విడతలో ఎవరికీ టెన్షన్ ఉండదు.

దానికి బదులు మొదటి విడతలో 1-3, 2-4 పెట్టండి. రెండో విడతలో 1-2, 3-4. ఆఖరి విడతలో 1-4, 2-3. ఇప్పుడు అనుకున్నట్టే జరిగినా రెండో స్థానం 2-3 మ్యాచ్‌లోనే తేలుతుంది.

ఆఖరి విడత మ్యాచ్‌లన్నీ, నాలుగు గ్రూపులవీ, ఒకే నిమిషానికి మొదలుపెట్టండి. ఒక లాబీలో ఎవరైనా రాకపోతే మిగతా లాబీలను ఆపి ఉంచండి. పక్క మ్యాచ్ స్కోరు తెలిసిన టీమ్ తనకు ఎన్ని రౌండ్లు కావాలో అన్నే ఆడుతుంది. 1982 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా జట్లు ఇద్దరికీ పనికొచ్చే స్కోరు రాగానే బంతిని అటూ ఇటూ తోసుకుంటూ గడిపేశాయి. అల్జీరియా బయటికి పోయింది. ఆ తర్వాతి ప్రపంచకప్ నుంచి గ్రూపు ఆఖరి మ్యాచ్‌లు ఒకేసారి పెడుతున్నారు.

నాలుగో మెట్టు: టై తేల్చే రూల్

నాలుగు టీముల గ్రూపులో ఆరు మ్యాచ్‌లు. ఒక్కో మ్యాచ్‌కు రెండు ఫలితాలు, కాబట్టి మొత్తం 64 రకాలుగా గ్రూపు ముగియొచ్చు. వీటిలో 24 రకాల్లో ఏ ఇబ్బందీ లేదు: ఒకరు మూడు గెలుస్తారు, ఒకరు రెండు, ఒకరు ఒకటి, ఒకరు సున్నా. ఇంకో 24 రకాల్లో రెండు టీములు రెండేసి గెలుస్తాయి, రెండు టీములు ఒక్కోటి. అక్కడ ఆ ఇద్దరూ ఆడుకున్న మ్యాచ్ ఎవరు గెలిచారో చూస్తే సరిపోతుంది. మిగిలిన 16 రకాల్లో మూడు టీములు సమానంగా నిలుస్తాయి.

అంటే టీములన్నీ సమాన బలంతో ఉంటే ప్రతి నాలుగు గ్రూపుల్లో ఒకదానిలో ముగ్గురి టై వస్తుంది. మీకున్నవి నాలుగు గ్రూపులు. లెక్క కడితే ఎక్కడో ఒక చోటైనా ముగ్గురి టై వచ్చే అవకాశం 68 శాతం దాకా ఉంటుంది. నిజంగా టీముల మధ్య బలంలో తేడా ఉంటుంది కాబట్టి కాస్త తగ్గుతుంది. అయినా ఇది ఎప్పుడో ఒకసారి జరిగే వింత మాత్రం కాదు.

ముగ్గురి టైలో ఎవరు ఎవరిని ఓడించారన్నది పనికిరాదు, ఎందుకంటే ఒకరు రెండోవారిని, రెండోవారు మూడోవారిని, మూడోవారు మొదటివారిని ఓడించి ఉంటారు. అప్పుడు రౌండ్ల తేడా దగ్గరికి వస్తాం. అసలు చిక్కు అక్కడే ఉంది. ఒక గ్రూపు తీసుకుందాం. టీములు ఎ, బి, సి, డి. ఫలితాలు ఇలా వచ్చాయి.

మొదటి విడత: ఎ మీద సి 13-10తో గెలిచింది. డి మీద బి 13-10.
రెండో విడత: బి మీద ఎ 13-11. డి మీద సి 13-1.
మూడో విడత: డి మీద ఎ 13-2. సి మీద బి 13-7.

రెండు విడతలయ్యేసరికి సి రెండు గెలిచి దర్జాగా ఉంది. కెప్టెన్లలో చాలామంది రెండు గెలిస్తే క్వాలిఫై అయిపోయామనుకుంటారు, అది నిజం కాదు. ఇక్కడ చూడండి, మూడో విడత అయ్యేసరికి ఎ, బి, సి మూడూ రెండేసి గెలుపులతో నిలిచాయి. డి అన్నీ ఓడింది. ఇద్దరికే చోటు.

మొదటి రకం రూల్: గ్రూపులో అన్ని మ్యాచ్‌ల రౌండ్ తేడా కూడండి. ఎ మూడు పోగొట్టుకుని, రెండు, పదకొండు సంపాదించింది, మొత్తం +10. సికి +3, +12, -6, మొత్తం +9. బికి +3, -2, +6, మొత్తం +7. ఎ, సి ముందుకు, బి ఇంటికి.

రెండో రకం రూల్: టైలో ఉన్న ముగ్గురి మధ్య జరిగిన మ్యాచ్‌లు మాత్రమే చూడండి, డితో ఆడినవి వదిలేయండి. బికి -2, +6, అంటే +4. ఎకు -3, +2, అంటే -1. సికి +3, -6, అంటే -3. బి, ఎ ముందుకు, సి ఇంటికి.

మూడో రకం రూల్ కూడా రెండోదాని లాంటిదే, చిన్న మెలికతో. ముగ్గురి చిన్న పట్టికలో బి పైన తేలింది కదా, ఇక మిగిలింది ఇద్దరే కాబట్టి మళ్లీ మొదటి నుంచి, ఇద్దరి మధ్య మ్యాచ్ చూడండి అంటుంది ఇది. ఎ మీద సి గెలిచింది. బి, సి ముందుకు, ఎ ఇంటికి.

ఒకే స్కోర్లు, మూడు రూళ్లు, మూడుసార్లూ బయటికి పోయింది వేరే టీమ్. మూడు రూళ్లకూ న్యాయం ఉంది, మూడూ రకరకాల క్రీడల్లో వాడుకలో ఉన్నవే. స్కోర్లు చూశాక మీరు ఏ రూల్ ఎంచుకున్నా ఒక టీమ్‌ను చేతులారా తీసేసినట్టే అవుతుంది. ‘రౌండ్ డిఫరెన్స్ చూస్తాం’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నా ఇదే గొడవ, ఏ మ్యాచ్‌ల తేడా అని అడుగుతారు. చూడాల్సిన చోటు ఇంకొకటి ఉంది. Challonge లాంటి సైట్‌లో గ్రూపులు పెడితే టై తేల్చే వరుస అక్కడ ముందే ఏదో ఒకటి సెట్ అయి ఉంటుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూసి, మీరు రాసిన రూల్‌కు సరిపోయేలా మార్చండి. లేకపోతే మీరు ఒక పేరు చెప్తారు, స్క్రీన్ మీద ఇంకో పేరు పైన కనిపిస్తుంది.

మూడింటిలో నేను రెండోది వాడమంటాను. కారణం డి. ఈ ఉదాహరణలో రెండో విడతలో డి టీమ్‌లో ఒకరి నెట్ పోయి, వాళ్లు నలుగురితోనే ఆడి 13-1తో ఓడారనుకోండి. ఆ +12 సి సంపాదించినది కాదు. మొదటి రూల్‌లో సిని కాపాడింది మాత్రం అదే. గ్రూపులో అన్నీ ఓడిన టీమ్ ఆఖరి మ్యాచ్‌కు వచ్చేసరికి ఆసక్తి పోయి ఎలాగోలా ఆడేస్తుంది, దాంతో చివర్లో ఆడినవాళ్లకు రౌండ్లు ఊరికే వస్తాయి. టైలో ఉన్నవాళ్ల మధ్య మ్యాచ్‌లే చూస్తే ఆ గాలివాటం పోతుంది. మధ్యలో డి టోర్నీ వదిలి వెళ్లిపోయినా ఆ ముగ్గురి వరుస మారదు, ఇది ఇంకో లాభం. మూడో రకంలో ఒకసారి చూసిన మ్యాచ్‌నే మళ్లీ తీసి చూస్తున్నాం, అది వివరించడం కష్టం, ఓడినవాళ్లు ఒప్పుకోవడం ఇంకా కష్టం.

రూల్‌బుక్‌లో ఇలా రాసుకోవచ్చు:

1. ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన టీమ్ పైన.
2. రెండు టీములు సమానమైతే, వాటి మధ్య మ్యాచ్ గెలిచిన టీమ్ పైన.
3. మూడు టీములు సమానమైతే, ఆ మూడింటి మధ్య మ్యాచ్‌ల రౌండ్ తేడా ప్రకారం మూడింటికీ వరుస. ఈ లెక్కలో రెండు టీములు మళ్లీ సమానమైతేనే 2వ రూల్.
4. మూడూ ఇంకా సమానమైతే, గ్రూపులో అన్ని మ్యాచ్‌ల రౌండ్ తేడా.
5. అప్పటికీ తేలకపోతే కెప్టెన్ల ముందు డ్రా.

నాలుగో రూల్ అవసరమా అనిపించొచ్చు. మూడు మ్యాచ్‌లూ 13-11తో ముగిస్తే ముగ్గురి తేడా సున్నాయే అవుతుంది కదా, అందుకు. మళ్లీ ఆడించి తేల్చాలన్న ఆలోచన మాత్రం వద్దు. ముగ్గురిని మళ్లీ ఆడిస్తే ఇంకో మూడు మ్యాచ్‌లు, అవి కూడా మళ్లీ ఒకరినొకరు ఓడించుకుని సమానంగానే ముగియొచ్చు.

రౌండ్ తేడా అన్నాం కాబట్టి, గెలిచిన మొత్తం రౌండ్లు అని రాయకండి. ఓవర్‌టైమ్ సాగి 18-16తో ఓడిన టీమ్‌కు పదహారు రౌండ్లు వస్తాయి, 13-0తో గెలిచిన టీమ్‌కు పదమూడే. తేడా చూస్తే ఈ వింత రాదు. దీనికి తగ్గట్టు కస్టమ్ లాబీలో `Overtime: Win by Two` ఆన్ చేయమని ప్రతి అడ్మిన్‌కూ చెప్పండి. ఒక లాబీలో అది ఆన్ అయి, ఇంకో లాబీలో ఆఫ్‌లో ఉంటే ఒకచోట 14-12 వస్తుంది, ఇంకోచోట 13-12. ఆ ఒక్క రౌండే ఒక టీమ్‌ను తీసేయొచ్చు.

వాకోవర్ల సంగతి కూడా రాయాలి. పావుగంట దాటినా ఐదుగురు రాకపోతే అవతలి టీమ్‌కు గెలుపు ఇవ్వండి, స్కోరు మాత్రం 13-0 అని వేయొద్దు. అలా వేస్తే ఆడకుండానే పదమూడు రౌండ్ల తేడా వచ్చేస్తుంది. తేడా సున్నా అని పెట్టండి. మ్యాచ్‌కు రాని టీమ్ ముగ్గురి టైలో ఉంటే దాన్ని ఆ ముగ్గురిలో కింద పెట్టి, మిగతా ఇద్దరి మధ్య మ్యాచ్ చూడండి.

ఒక రౌండ్‌తో, ఒక పాయింట్‌తో బయటికి పోవడం ఎలా ఉంటుందో మనవాళ్లకు బాగా తెలుసు. 2012 లండన్ ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ మహిళల డబుల్స్‌లో గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప గ్రూపులో మూడింటిలో రెండు మ్యాచ్‌లు గెలిచారు. జపాన్, చైనీస్ తైపీ జంటలు కూడా రెండేసి గెలిచాయి. ముగ్గురి టై. లెక్క కట్టాక మన జంట ఒకే ఒక్క పాయింట్ తేడాతో క్వార్టర్ ఫైనల్‌కు దూరమైంది. జపాన్, తైపీ మధ్య మ్యాచ్ సరిగ్గా ఆడారా అని భారత్ ఫిర్యాదు కూడా చేసింది, అది నిలవలేదు. అయితే టై ఎలా తేలుస్తారన్న మాట మీద గొడవ రాలేదు, అది ముందే రాసి ఉంది కాబట్టి.

ఐదో మెట్టు: బ్రాకెట్

ఆదివారానికి ఎనిమిది టీములు మిగిలాయి. నాకౌట్‌లో అందరూ చేసే పొరపాటు, శనివారం ఒకే గ్రూపులో ఆడిన ఇద్దరిని ఆదివారం సెమీస్‌లోనే మళ్లీ కలపడం. పై సగంలో గ్రూపు 1 టాపర్‌కు గ్రూపు 2 సెకండ్, గ్రూపు 3 టాపర్‌కు గ్రూపు 4 సెకండ్ పెట్టండి. కింది సగంలో గ్రూపు 2 టాపర్‌కు గ్రూపు 1 సెకండ్, గ్రూపు 4 టాపర్‌కు గ్రూపు 3 సెకండ్. ఇలా వేస్తే ఒకే గ్రూపువాళ్లు ఫైనల్‌లో తప్ప ఎదురుపడరు.

ఈ అమరికలో ఒక లోపం ఉంది. గ్రూపులో ఏ స్థానంలో ఉంటే ఎవరు తగులుతారో ముందే తెలుస్తుంది. పైన చెప్పిన లండన్ ఒలింపిక్స్ మహిళల డబుల్స్‌లోనే నాలుగు జంటలు నాకౌట్‌లో అనుకూలమైన ప్రత్యర్థి కోసం కావాలని ఓడిపోవడానికి చూసి, ఎనిమిది మంది డిస్‌క్వాలిఫై అయ్యారు. ఆ తర్వాత బ్యాడ్మింటన్ వాళ్లు డబుల్స్‌లో రెండో స్థానం వచ్చిన జంటలకు గ్రూపులు అయ్యాక డ్రా వేసే పద్ధతి తెచ్చారు. మీ ఆఖరి విడత మొత్తం ఒకేసారి నడిస్తే ఈ భయం చాలావరకు పోతుంది. అది కుదరకపోతే మీరూ శనివారం రాత్రి సెకండ్ వచ్చిన నాలుగు టీములకు డ్రా తీయండి, సొంత గ్రూపు టాపర్ ఉన్న సగంలో పడకూడదన్న ఒక్క షరతుతో.

టైమ్ చూస్తే ఆదివారం సింగిల్ ఎలిమినేషనే కుదురుతుంది. క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ మూడూ బెస్ట్ ఆఫ్ త్రీ పెట్టినా మూడు విడతలు, ఏడున్నర గంటలు. పొద్దున పదికి మొదలుపెడితే మధ్యలో భోజనం కలుపుకున్నా రాత్రి ఎనిమిదికి ముగుస్తుంది. రెండుసార్లు ఓడితేనే బయటికి పంపే డబుల్ ఎలిమినేషన్‌లో ఎనిమిది టీములకు పద్నాలుగు మ్యాచ్‌లు అవుతాయి. చాలా మ్యాచ్‌లు ఒకదాని తర్వాత ఒకటి జరగాలి కాబట్టి ఆరు విడతలు పడుతుంది. ఇంకో వారాంతం ఉంటే తప్పకుండా అదే పెట్టండి, ఒక్క చెడ్డ మ్యాచ్‌తో మంచి టీమ్ పోదు. అప్పుడు పై బ్రాకెట్ సెమీస్‌లో ఓడినవాళ్లను కింది బ్రాకెట్‌లో ఎదురు సగానికి దించండి, లేకపోతే పొద్దున ఆడినవాళ్లతోనే సాయంత్రం ఆడతారు. ఫైనల్‌కు ఓటమి లేకుండా వచ్చిన టీమ్‌కు ఏం లాభమో కూడా ముందే చెప్పాలి. ఫైటింగ్ గేమ్‌ల పెద్ద టోర్నీ ఈవోలో అయితే కింది నుంచి వచ్చినవాళ్లు ఫైనల్ సెట్ రెండుసార్లు గెలవాలి. పెద్ద వాలరంట్ టోర్నీల్లో బెస్ట్ ఆఫ్ ఫైవ్ ఫైనల్‌కు మ్యాప్ బ్యాన్లు రెండూ పై బ్రాకెట్ టీమ్‌కే ఇస్తారు. ఇంకో సిరీస్‌కు టైమ్ ఉండదు కాబట్టి మీకు రెండోదే నయం.

టీములు ఎనిమిదికి, పదహారుకు సరిపోకపోతే బై ఇవ్వాల్సి వస్తుంది, అంటే కొన్ని టీములను మొదటి మ్యాచ్ ఆడకుండానే ముందుకు పంపాలి. పదకొండు టీములతో నేరుగా నాకౌట్ వేస్తే పదహారు గళ్ల బ్రాకెట్‌లో ఐదు ఖాళీలు ఉంటాయి. ఆ ఐదు బైలు 1 నుంచి 5 సీడ్ల దాకానే వెళ్లాలి. సీడింగ్ లేకుండా బైలు లాటరీలో ఇస్తే అవి ఎవరికో అప్పనంగా పడతాయి.

గ్రూపు టాపర్ అవడానికి ఒక విలువ కావాలి కదా. బెస్ట్ ఆఫ్ త్రీలో మ్యాప్ ఎంపిక ఎవరు మొదలుపెట్టాలో నిర్ణయించే హక్కు టాపర్‌కు ఇవ్వండి. ఏడు మ్యాప్‌లుంటే వరుస ఇలా పోతుంది: మొదటి టీమ్ ఒకటి బ్యాన్, రెండో టీమ్ ఒకటి బ్యాన్, మొదటివాళ్లు ఒకటి ఎంచుకుంటారు, రెండోవాళ్లు ఒకటి ఎంచుకుంటారు, మళ్లీ చెరొకటి బ్యాన్, మిగిలినది మూడో మ్యాప్. ఒక టీమ్ ఎంచుకున్న మ్యాప్‌లో ఎటాక్ ముందా డిఫెన్స్ ముందా అన్నది అవతలి టీమ్ చెప్తుంది. ఇది గాల్లో నోటిమాటగా చేయించకుండా డిస్కార్డ్‌లో ఆ మ్యాచ్ ఛానెల్‌లో టైప్ చేయించండి, తర్వాత ఎవరూ మాట మార్చలేరు.

శనివారం రాత్రి చేయాల్సిన పని

గ్రూపులు ముగిశాక క్వాలిఫై అయినవాళ్ల పేర్లు మాత్రమే పోస్ట్ చేయకండి. ప్రతి మ్యాచ్ స్కోరుబోర్డు స్క్రీన్‌షాట్ రెండు టీముల నుంచీ వచ్చిందా చూసుకోండి. టై ఉన్న గ్రూపుకు ఏ రూల్ నంబరు వాడారో, ఏ మ్యాచ్‌లు లెక్కలోకి తీసుకున్నారో, ఎవరికి ఎంత తేడా వచ్చిందో మూడు వరుసల్లో పెట్టండి. అభ్యంతరం చెప్పడానికి ముప్పై నిమిషాలు ఇవ్వండి, కెప్టెన్ ఒక్కరే, రాతపూర్వకంగా. స్కోరు తప్పుగా ఎక్కిందంటే వినండి, సరిచేయండి. రూల్ మార్చమంటే వినొద్దు. ఆ అరగంట అయ్యాకే బ్రాకెట్ బయటపెట్టండి, ఒకసారి బ్రాకెట్ చూసి ప్రత్యర్థి మ్యాచ్‌లు తిరగేయడం మొదలుపెట్టిన టీమ్‌కు తర్వాత మార్చి చెప్పడం చాలా కష్టం.

మూడో స్థానానికి వేరే ప్రైజ్ మనీ పెట్టి ఉంటే ఆదివారం ఫైనల్‌తో పాటు అదే సమయంలో ఇంకో లాబీలో సెమీస్ ఓడినవాళ్లతో ఒక్క మ్యాప్ ఆడించండి. పెట్టకపోతే ఇద్దరికీ సమానంగా పంచేయండి.